పిల్లలు కావాలా, వద్దా: బయోడేటాలో లేని గడిని ఎలా నింపాలి

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మాకు ఒక చిన్న డీటీపీ దుకాణం ఉంది. పదహారేళ్లుగా అక్కడ కూర్చుని పెళ్లి బయోడేటాలు టైపు చేస్తున్నాను. నక్షత్రం, పాదం, గోత్రం, ఎత్తు, చదువు, జీతం, సొంతిల్లు, మేనమామలది ఏ ఊరు, ప్రతిదానికీ ఒక గడి ఉంది. పిల్లలు కావాలా వద్దా అన్నదానికి మాత్రం లేదు. రెండో పెళ్లి బయోడేటాలో ‘సంతానం’ అని ఒకటి ఉంటుంది గానీ అది ఇప్పటికే ఉన్న పిల్లల లెక్క. పుట్టబోయే పిల్లల సంగతి ఎవరూ అడగరు. జవాబు ఒకటే అని అందరి నమ్మకం.

ఈ నాలుగైదేళ్లలో ఆ నమ్మకం కాస్త కదిలింది. బెంగళూరు నుంచి సెలవుకు వచ్చిన అమ్మాయో అబ్బాయో, అమ్మానాన్నలు బయట టీ తాగుతుండగా, నా కంప్యూటర్ పక్కకు జరిగి ‘అక్కా, ఇందులో ఒక వాక్యం కలపాలి’ అని ఫోను చూపిస్తారు. ఆ వాక్యం చాలాసార్లు హెచ్చరిక బోర్డులా ఉంటుంది. లేదంటే క్షమాపణ పత్రంలా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఎలా రాయవచ్చో, ఎక్కడ రాయవచ్చో, ఏది ఎవరికి మేలో నాకు తెలిసినంత చెబుతాను.

ఒకే వాక్యం, మూడు చోట్లు

మా అక్క కూతురికి 31 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిల్లలు వద్దని తనకు స్పష్టంగా తెలుసు. తన వివరాలు మూడు చోట్ల ఉన్నాయి. మా అక్క నడిపే మాట్రిమోనీ ప్రొఫైల్ ఒకటి, తన ఫోనులోని డేటింగ్ యాప్ ఒకటి, నేను టైపు చేసిన కాగితం బయోడేటా ఒకటి. మొదటి రెండింటిలోనూ తను ఒకే వాక్యం పెట్టింది. మూడోదానిలోనూ పెట్టమని నాకు పంపింది.

‘పిల్లలు వద్దనుకునే వారు మాత్రమే సంప్రదించగలరు. ఈ విషయంలో చర్చకు తావు లేదు.’

‘చిన్నమ్మా, ఉన్నది ఉన్నట్టు రాశాను కదా, ఇందులో తప్పేముంది?’ అని అడిగింది. అబద్ధం లేదు, నిజమే. కానీ ఆ రెండు వాక్యాల్లో తను ఎక్కడా లేదు. మొదటిది చదివేవాడి అర్హత గురించి, అది కూడా టెండరు ప్రకటన భాషలో. రెండోది ఇంకా మొదలుకాని గొడవకు ముందే ఇచ్చిన జవాబు. పిల్లలు వద్దనుకునే అబ్బాయి కూడా దాన్ని చదివి, ‘ఇంకా ఏయే విషయాల్లో చర్చకు తావు లేదో’ అనుకుంటాడు. ఎవరి కోసం రాసిందో వాళ్లే వెనక్కి తగ్గుతారు.

పెట్టిన రెండు వారాల్లో ఇంకో సంగతి బయటపడింది. యాప్‌లో ఆ వాక్యం చూసినవాళ్లు మౌనంగా పక్కకు తప్పుకున్నారు. మాట్రిమోనీలో చూసినవాళ్లు మాత్రం మా అక్కకు ఫోన్ చేశారు. ‘అమ్మాయికి ఏమైనా ఆరోగ్య సమస్య ఉందా అండీ?’ అని ఒక పెద్దావిడ మొహమాటం లేకుండా అడిగేసింది. మా అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మన వైపు ‘పిల్లలు వద్దు’ అని రాస్తే, పెద్దవాళ్లు దాన్ని ‘పిల్లలు పుట్టరు’ అని చదువుకుంటారు. లేదా ‘మనసు ఇంకెక్కడో ఉంది’ అని చదువుకుంటారు. వద్దనుకోవడం అనేది ఒక నిర్ణయం కావచ్చని వారికి తట్టదు, ఎందుకంటే వారి కాలంలో దానిని ఎవరూ నిర్ణయించలేదు. అందుకే అదే వాక్యం ఎవరి చేతిలో ఉన్న ఫోనులో కనబడుతుందో చూసుకుని రాయాలి.

హెచ్చరిక ఎక్కడ దాగి ఉంటుంది

టైపు చేసేదాన్ని కాబట్టి నాకు ఈ పిచ్చి ఉంది: భయపెట్టేది అభిప్రాయమా, ప్రత్యయమా అని చూస్తాను. తెలుగులో చాలావరకు ప్రత్యయమే. ‘మీ ఆలోచన ఇదే అయితే మాట్లాడుకుందాం’ అనడం ఆహ్వానం. ‘మీ ఆలోచన ఇదే అయితేనే మాట్లాడుకుందాం’ అనడం గేటుకు తాళం. తేడా ఒక్క ‘నే’. ‘మాత్రమే’ కూడా ఇంతే. ‘ఉండాలి’, ‘కూడదు’ అనేవి ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మాటలు, పరిచయం లేని మనిషికి చెప్పేవి కావు. ‘దయచేసి’ని చేరిస్తే మెత్తబడుతుందని అనుకుంటారు. ‘ఇష్టం లేనివారు దయచేసి సంప్రదించవద్దు’ చదివి చూడండి, బస్సులో ‘దయచేసి చిల్లర ఇవ్వండి’ అన్నట్టే ఉంటుంది.

‘వద్దు’ అనే మాటకు ఇంకో ఇబ్బంది ఉంది. అది నా ఇష్టాన్నీ చెబుతుంది, ఎదుటివారిని ఆపడానికీ పనికొస్తుంది. ‘నాకు వద్దు’, ‘నువ్వు చేయవద్దు’ రెండింటికీ ఒకటే మాట. ‘కావాలి’ కూడా కోరికా అవుతుంది, డిమాండూ అవుతుంది. అందుకే ఈ రెండు మాటల్ని ముగింపు క్రియగా వదిలేయకండి. ‘వద్దనుకున్నాను’, ‘కావాలని ఉంది’ అన్నప్పుడు అవి మళ్లీ నా మాటలవుతాయి. ‘వద్దనుకున్నాను’లో ఇంకో గుణం ఉంది. అది జరిగిపోయిన పని. ఆలోచించాను, తేల్చుకున్నాను, ఇప్పుడు ప్రశాంతంగా చెబుతున్నాను అన్న ధ్వని వస్తుంది. దీనికి ‘చర్చకు తావు లేదు’ అని తోక అక్కర్లేదు.

మెత్తగా రాయాలని మరీ అటు వెళ్లకండి. ‘పిల్లలంటే ఇష్టమే, కానీ అన్నీ కలిసొస్తే చూద్దాం, దీని గురించి మాట్లాడుకుందాం’ అని మా అమ్మాయి రెండోసారి రాసింది. మన ఊళ్లో ‘మాట్లాడుకుందాం’ అంటే ‘ధర తగ్గుతుంది’ అని అర్థం. కట్నం దగ్గర, స్థలం దగ్గర, టమాటా మండీలో కూడా. వద్దని తేల్చుకున్న మనిషి ‘మాట్లాడుకుందాం’ అని రాస్తే, ఎదుటివారు పెళ్లయ్యాక మనసు మారుతుందని లెక్క వేసుకుంటారు. వారిది తప్పని నేను అనను.

నాలుగు దారులు: గడి, వాక్యం, కోరికల కాలమ్, ఖాళీ

యాప్‌లలో దీనికి గడి ఉంటుంది. హింజ్‌లో Family plans అనే చోట Want children, Don't want children, Open to children, Not sure yet అని ఉంటాయి. చెప్పదలచుకోకపోతే దానికీ ఒక ఎంపిక ఉంది. నింపినదాన్ని ప్రొఫైల్‌లో కనబడకుండా దాచుకోనూ వచ్చు. బంబుల్‌లో, టిండర్‌లో కూడా ఇలాంటివే ఉన్నాయి. తేల్చుకున్నవారికి నా సలహా, గడి నింపండి, దాచకండి. గడిలోని టిక్కుకు స్వరం ఉండదు. అదే దాని బలం. ఎత్తు, ఊరు, సిగరెట్ అలవాటు పక్కన ఇది కూడా ఒక వివరంలా కూర్చుంటుంది, ఎవరికీ హెచ్చరికలా అనిపించదు. దానికి తోడు వాక్యం రాయకపోయినా పని జరుగుతుంది.

గడి చెప్పలేనిది కారణం. ‘వద్దు’ అన్న టిక్కు వెనుక ‘కనడం వద్దు, దత్తత సరే’ ఉండవచ్చు. ఇలాంటివారు గడితో ఆగకూడదు, వాక్యం రాయాలి. దత్తత సరే అనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: మన దేశంలో దత్తత నిబంధనల ప్రకారం, దంపతులుగా దత్తతకు వెళ్లాలంటే సాధారణంగా కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. అంటే అది కూడా ‘తర్వాత చూద్దాం’ అని వదిలేసే మాట కాదు, కాలం లెక్క వేసుకోవాల్సిన మాట.

వాక్యం రాసేటప్పుడు నిడివి చూసుకోవాలి. హింజ్‌లో ఒక ప్రశ్నకు జవాబు 150 అక్షరాలు, బంబుల్‌లో స్వపరిచయం 300. తెలుగులో రాసేవారికి ఇది ఇంకా ఇరుకు. ‘పిల్లలు’ కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుడి, ఒత్తు, కొమ్ము విడివిడిగా చేరి ఏడవుతాయి. డీటీపీ చేసేవాళ్లకు తెలిసిన సంగతే గానీ, మొదటిసారి యాప్‌లో తెలుగు రాసినవాళ్లు సగం వాక్యం దగ్గర ఆగిపోయి ఆశ్చర్యపోతారు. ఇరుకు చోట మొదట తెగిపోయేది మర్యాద. ‘వద్దు. స్పష్టంగా చెబుతున్నాను.’ అని మిగులుతుంది. హెచ్చరికలా ధ్వనించే వాక్యాల్లో చాలావరకు కోపంతో రాసినవి కావు, ఇరుకులో రాసినవి.

మూడో దారి మాట్రిమోనీలోని ‘ఎలాంటి భాగస్వామి కావాలి’ అనే కాలమ్. ఇక్కడ రాయవద్దని గట్టిగా చెబుతాను. ఆ కాలమ్‌లో ఏది రాసినా షరతే అవుతుంది, ఎంత తీయగా రాసినా సరే. ఎందుకంటే అక్కడ అన్నీ షరతులే: ఎత్తు ఇంత, జీతం ఇంత, శాఖ ఇది. వాటి వరుసలో ‘పిల్లలు వద్దనుకునేవారు’ అని చేరితే ఒక మనిషి జీవితంలోని పెద్ద నిర్ణయం సామాన్ల జాబితాలో పడుతుంది. ఇదే మాటను ‘నా గురించి’ అనే చోటికి తీసుకెళ్లండి. పదాలు మార్చకపోయినా స్వరం మారిపోతుంది.

నాలుగోది ఖాళీగా వదిలి, ఫోనులో చెప్పడం. దీన్ని పిరికితనం అంటారు కొందరు. కాగితం బయోడేటా విషయంలో నేను ఒప్పుకోను. కాగితం బయోడేటాకు చదివేవాడు ఎవరో తెలియదు. వాట్సాప్‌లో అది కులం గ్రూపు నుంచి ఊరి గ్రూపుకు, అక్కడి నుంచి ధర్మవరంలోని ఎవరి పిన్నికో వెళ్లిపోతుంది. వెనక్కి తీసుకోలేం. మా అక్కకు భయమంతా ఇక్కడే. ‘రేపు తమ్ముడికి సంబంధం చూడాలి, ఈ కాగితం ఇంకా తిరుగుతూనే ఉంటుంది’ అంది. తల్లిగా ఆ భయం అన్యాయం కాదు. కానీ ఖాళీగా వదలడానికి ఒక గడువు ఉంది. పెళ్లిచూపుల ముందే చెప్పేయాలి. రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుని కారప్పూస, కాఫీ అయ్యాక ‘వద్దు’ అంటే, అది పిల్లల గురించిన మాట కాదు, ఆ కుటుంబానికి జరిగిన అవమానం. అప్పుడు మీరు ఎంత మెత్తగా చెప్పినా అది హెచ్చరికకన్నా గట్టిగా తగులుతుంది.

అందుకే కాగితంలో చివరి వరుసగా నేను ఒక వాక్యం పెడతాను: ‘పెద్దలు కలిసే ముందు అమ్మాయీ అబ్బాయీ ఒకసారి ఫోనులో మాట్లాడుకోవాలని మా కోరిక.’ దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఈ రోజుల్లో కర్నూలు, కడప జిల్లాల పల్లెల నుంచి వచ్చే బయోడేటాల్లో కూడా చూస్తున్నాను. విషయం కాగితం మీద లేదు, కానీ చెప్పడానికి ఒక చోటు మాత్రం కాగితం మీద ఉంది.

కావాలనుకునేవారి తప్పులు వేరు

పిల్లలు కావాలనుకునేవారు తమ మాట ఎవరినీ నొప్పించదని అనుకుంటారు. కర్నూలు నుంచి ఒక మాస్టారు, వయసు 33, ‘పెళ్లి తర్వాత పిల్లలు తప్పనిసరి’ అని రాయమన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. పిల్లలు వద్దనే అమ్మాయిని పెళ్లి చేసుకుని ఇద్దరూ ఏడవకూడదని. కానీ చదివే అమ్మాయికి వినబడేది వేరు. మొదటి ఏడాదిలోనే అత్తగారు ‘ఏమైనా విశేషమా’ అని అడుగుతారు, ఉద్యోగం మానేయమంటారు, ఆడపిల్ల పుడితే ఇంకోసారి అంటారు. ఈ మూడు భయాలూ ‘తప్పనిసరి’లో దూరిపోతాయి.

ఇక్కడ మందు ‘ఎప్పుడు’ అన్న మాట. ‘ఇద్దరం ఉద్యోగాల్లో కుదురుకున్నాక ఒకరు లేదా ఇద్దరు పిల్లలు ఉండాలని నా కోరిక’ అని మార్చాం. ‘కుదురుకున్నాక’ భార్య ఉద్యోగాన్ని గుర్తించింది, ‘ఒకరు లేదా ఇద్దరు’ అన్న లెక్క కొడుకు పుట్టేదాకా అన్న భయాన్ని తీసేసింది. దానికి కింద ఆయనే ఒక వాక్యం చేర్చారు, నేను చెప్పలేదు: ‘పిల్లల పనిలో సగం నాది.’ ఈ నాలుగు మాటలు చూసి ఇద్దరు అమ్మాయిల తండ్రులు ఫోన్ చేశారని తర్వాత చెప్పారు.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో ఒక్కరు చాలనుకోవడం ఎప్పుడో మామూలైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక మహిళకు 1.7 మంది పిల్లలు. 2024లో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను కూడా రాష్ట్రం ఎత్తేసింది, పిల్లలు ఎక్కువ కావాలనే ఆలోచనతోనే. ‘ఒక్కరు చాలు’ అని రాస్తే ఎవరూ ఉలిక్కిపడరు. ‘ఒక్కరు కూడా వద్దు’ మాత్రమే ఇంకా కొత్త. కాబట్టి ఒక్కరితో సరిపెట్టుకోవాలనుకునేవారు దాన్ని పెద్ద ప్రకటనలా రాయనక్కర్లేదు.

తేల్చుకోనివారికి

యాప్‌లో Open to children, Not sure yet రెండూ ఒకేలా కనబడతాయి. కావు. మొదటిది, నాకు పెద్ద పట్టింపు లేదు, మీకు ఇష్టమైతే నేను సరే అనగలను అన్న మాట. రెండోది, నాకే ఇంకా తెలియదు, మీకు ఇష్టమైనా నేను సరే అనలేకపోవచ్చు అన్న మాట. చాలామంది మొదటిది నొక్కేస్తారు, ఎందుకంటే దానితో ఎవరూ తప్పుకోరు. వద్దనుకునేవారు కూడా వలలో చేపలు తగ్గకూడదని దాన్నే నొక్కుతారు. అలా నొక్కినవారిని కనిపెట్టడానికి ఒకటే ప్రశ్న చాలు: ‘ఎలాంటి పరిస్థితుల్లో కావాలనిపిస్తుంది?’ నిజంగా పట్టింపు లేనివారు వెంటనే ఏదో చెబుతారు, అమ్మ దగ్గర ఉంటే, జీతం పెరిగితే, భార్యకు ఇష్టమైతే. మనసులో వద్దనుకున్నవారు మాట మారుస్తారు.

తేల్చుకోకపోతే రాయడానికి ఏమీ లేదని కాదు. ఏది తేలలేదో రాయవచ్చు. మా దుకాణానికి వచ్చిన ఒక నర్సమ్మాయి ‘రాత్రి డ్యూటీలు ఉన్నంతకాలం పిల్లల గురించి ఆలోచించలేను, పగటి డ్యూటీకి మారాక తేల్చుకుంటాను’ అని రాయమంది. చదివినవారికి ఆమె ఎక్కడ ఆగి ఉందో తెలుస్తుంది. దీని ముందు ‘ప్రస్తుతానికి ఆలోచన లేదు’ ఎంత నీరసమో చూడండి. మన ఊళ్లో ‘ప్రస్తుతానికి’ అంటే ‘ఆరు నెలల్లో’ అని చదువుకుంటారు.

రెండో పెళ్లి బయోడేటా

ఇక్కడ మూడు వేరువేరు నిజాలు ఒకే గడిలో ఇరుక్కుంటాయి: పిల్లలు ఉన్నారా, ఎవరి దగ్గర ఉంటారు, ఇంకా కావాలా. టిండర్‌లో ‘పిల్లలున్నారు, ఇంకా కావాలి’, ‘పిల్లలున్నారు, ఇంక వద్దు’ అని విడిగా ఉన్నాయి. కాగితంలో మనమే విడదీయాలి. కడప నుంచి వచ్చిన ఒకాయన ‘ఒక కుమార్తె, బాధ్యత లేదు’ అని రాయమన్నారు. పాప వారంలో మూడు రోజులు ఆయన దగ్గరే ఉంటుంది, ఆయనకు ప్రాణం. మరి ‘బాధ్యత లేదు’ ఎందుకంటే, పేపర్లో అందరూ అలాగే రాస్తారట. ఆ మాట తీసేసి, ‘ఏడేళ్ల పాప ఉంది, సగం వారం నా దగ్గర ఉంటుంది. మరో బిడ్డ గురించి రాబోయే వ్యక్తితో కలిసి ఆలోచించాలని ఉంది’ అని పెట్టాం. ‘కలిసి ఆలోచించాలి’ అనేది ఇక్కడ నిజం కాబట్టి పెట్టాం. ఇంక వద్దని తేల్చుకుంటే ఈ మాట పెట్టకూడదు.

పుట్టుక సాధ్యం కాదని వైద్యులు చెప్పినవారు దాన్ని ‘వద్దనుకున్నాను’ అన్న వాక్యంలో దాచకూడదు. నిర్ణయం వేరు, శరీరం వేరు. ప్రొఫైల్‌లో రాయనక్కర్లేదు, కానీ మొదటి నిజమైన ఫోన్ సంభాషణలో చెప్పాలి. తర్వాత తెలిస్తే ఎదుటివారికి బాధ కలిగించేది పిల్లలు లేకపోవడం కాదు, వాక్యం అబద్ధమవడం.

చెప్పకపోతే ఏమవుతుంది

‘పెళ్లయ్యాక నెమ్మదిగా చెబుతాను’ అనేవారికి 2007లో సుప్రీంకోర్టు సమర్ ఘోష్, జయా ఘోష్ కేసులో ఇచ్చిన తీర్పు గుర్తుచేస్తాను. ఇద్దరూ ఐఏఎస్ అధికారులు. మానసిక క్రూరత్వం ఏయే రూపాల్లో ఉండవచ్చో ఆ తీర్పులో ఒక జాబితా ఇచ్చారు. పెళ్లి తర్వాత భార్యాభర్తల్లో ఒకరు ఏకపక్షంగా పిల్లలు వద్దని నిర్ణయించడం కూడా క్రూరత్వం కావచ్చని అందులో ఉంది. ‘ఏకపక్షంగా’, ‘పెళ్లి తర్వాత’, ‘కావచ్చు’, ఈ మూడు మాటలూ చూడండి. పిల్లలు వద్దనుకోవడాన్ని కోర్టు తప్పు పట్టలేదు. చెప్పకుండా పెళ్లి చేసుకుని ఆ తర్వాత ఒక్కరే తేల్చేయడం గురించి చెప్పింది. ముందే చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్న చోట ఏకపక్షం ఉండదు. అలా అని ప్రొఫైల్‌లోని వాక్యం ఒప్పంద పత్రమేమీ కాదు. మనుషులు మారుతారు.

మా అమ్మాయి చివరికి ఏం రాసింది

యాప్‌లో Don't want children టిక్కు పెట్టింది, కనబడేలా ఉంచింది. స్వపరిచయంలో ఇలా రాసింది:

‘పిల్లలు లేని కాపురం నాకు నప్పుతుందని నాలుగేళ్ల క్రితం నిర్ణయించుకున్నాను. ఆరోగ్య కారణం కాదు. మా అన్న పిల్లలతో వేసవి సెలవులు మాత్రం వదులుకోను. మీ ఆలోచన కూడా ఇటువైపు ఉంటే పరిచయం చేసుకుందాం.’

కంప్యూటర్ లెక్కలో 190 లోపే వచ్చింది. 150 దాటకూడని చోట మూడో వాక్యం తీసేస్తే 140 లోపు సరిపోతుంది. నాకు ఆ మూడో వాక్యమే ఇష్టం, ఎందుకంటే పిల్లలను ద్వేషించే మనిషి కాదని అది వాదించకుండా చెబుతుంది. కానీ తప్పనిసరైతే పోవాల్సింది కూడా అదే. ‘నాలుగేళ్ల క్రితం’ పోకూడదు. నిన్న రాత్రి కోపంలో పుట్టిన మాట కాదని చెప్పేది ఆ రెండు మాటలే. ‘ఆరోగ్య కారణం కాదు’ యాప్‌లో ఉండాలా అని తను వాదించింది. బెంగళూరు కుర్రాళ్లు అలా అనుకోరట. అనుకోరు సరే, ఆ కుర్రాడు నచ్చాక దాన్ని స్క్రీన్‌షాట్ తీసి నంద్యాలలో ఉన్న వాళ్ల అమ్మకు పంపడా? ఉంచేసింది.

మాట్రిమోనీలో ‘నా గురించి’లో అదే వాక్యం, ‘కాపురం’ బదులు ‘జీవితం’ అని. మా అక్క పట్టుబట్టి ‘పరిచయం చేసుకుందాం’ తీయించింది, ‘పెద్దలు మాట్లాడవచ్చు’ అని పెట్టించింది. అది తన ప్రొఫైల్ కూడా కదా. కాగితంలో మాత్రం ఫోను వాక్యం ఒక్కటే.

మూడు నెలల్లో మాట్రిమోనీ నుంచి వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి. అక్క బాధపడింది. కానీ వచ్చిన వాటిలో ‘ఆరోగ్య సమస్యా’ అని అడిగినవారు ఎవరూ లేరు. యాప్ నుంచి ఇద్దరితో మాటలు సాగాయి. ఒకతను మూడో సంభాషణలో ‘నీ మనసు మారితే?’ అని అడిగాడు. ‘మారితే ముందు నీకే చెబుతాను’ అందట. అతను సరే అన్నాడు, ఆ పైన మాటలు తగ్గిపోయాయి. రెండో అతనిది ప్రొద్దుటూరు. అతని ప్రొఫైల్‌లో గడి ఖాళీగా ఉంది. మొదటి ఫోనులోనే కారణం చెప్పాడు: నిజం రాస్తే మాట్రిమోనీలో అక్కాచెల్లెళ్లకు ఇబ్బంది వస్తుందని భయపడ్డాడు. ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారు. పోయిన ఆదివారం అతను తన బయోడేటా నాకు పంపాడు, ‘ఫోను వాక్యం నాకూ కలపండి అక్కా’ అని.